అక్క మాటను తమ్ముడు చెప్పేటప్పుడు

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. మూడో పేజీలోని ఒక్క వాక్యం దగ్గర రెండుసార్లు వెనక్కి వెళ్ళవలసి వచ్చింది కనుక ఈ ఉత్తరమంతా దాని గురించే రాస్తున్నాను. విజయవాడలో ఉన్న అక్క సోమవారం సాయంత్రం గుంటూరులోని తమ్ముడికి ఫోన్ చేసి, "రేపు పొద్దున్నే నేను నీ దగ్గరికి వస్తాను. నిన్న డాక్టరు రాసిన మందు ఇక్కడ ఇంకా దొరకలేదు" అంటుంది. వారం తరువాత ఆ తమ్ముడి చేత నువ్వు దానిని ఇలా చెప్పించావు: "రేపు పొద్దున్నే ఆమె నా దగ్గరికి వస్తుందని, నిన్న డాక్టరు రాసిన మందు ఇక్కడ దొరికి ఉండలేదని అక్క చెప్పింది."

ఇందులో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టినది "ఆమె వస్తుందని" అన్న మాట. అది చదివిన పాఠకుడు వచ్చేది అక్క కాదు, మరెవరో స్త్రీ అనుకుంటాడు. తెలుగులో మాట్లాడిన మనిషి తన గురించి చెప్పుకున్న "నేను" పరోక్ష కథనంలో "తాను" అవుతుంది కాని, క్రియ చివర ఉన్న ఉత్తమ పురుష ప్రత్యయం అలాగే నిలుస్తుంది. అందుకే "తాను వస్తానని" అంటాం. ఆ "ను" వల్లనే వచ్చేదీ చెప్పినదీ ఒక్కరేనని తెలుస్తుంది. "నీ దగ్గరికి" అన్నది "నా దగ్గరికి" కావడం మాత్రం నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు, ఎందుకంటే విన్నవాడే కథ చెబుతున్నాడు.

"దొరికి ఉండలేదని" అన్నది బడిలో నేర్చిన ఇంగ్లీషు వ్యాకరణం నుంచి వచ్చిందని నా అనుమానం. అక్కడ చెప్పిన క్రియ భూతకాలంలో ఉంటే లోపలి క్రియ కూడా సాధారణంగా వెనక్కి జరుగుతుంది. మన భాషలో లోపలి క్రియ, మాట అన్న క్షణాన్ని బట్టి నడుస్తుంది కనుక దానిని కదిలించకూడదు. కదిలిస్తే అర్థం మారిపోతుంది: "జ్వరంగా ఉందని చెప్పింది" అంటే ఫోన్ చేసినప్పుడు జ్వరం ఉంది, "జ్వరంగా ఉండేదని చెప్పింది" అంటే అప్పటికే తగ్గిపోయింది.

కాలాన్ని చెప్పే మాటలు మాత్రం కదలాలి. కథ వారం తరువాత చెబుతున్నాడు కనుక "రేపు" మరునాడు, "నిన్న" ముందురోజు అవుతాయి. అదే సోమవారం రాత్రే చెబుతూ ఉంటే "రేపు" అలాగే ఉండవచ్చు, ఎందుకంటే అతనికీ అది రేపే. "ఇక్కడ" విషయంలో మరింత జాగ్రత్త కావాలి. గుంటూరులో ఉన్నవాడి నోట ఆ మాట వస్తే మందు గుంటూరులో దొరకలేదని అర్థం వస్తుంది. నేనైతే "అక్కడ" అని కూడా వదిలేయకుండా ఊరి పేరే పెడతాను.

అన్నీ సరిచేస్తే వాక్యం ఇలా ఉంటుంది: "మరునాడు పొద్దున్నే తాను నా దగ్గరికి వస్తానని, ముందురోజు డాక్టరు రాసిన మందు విజయవాడలో ఇంకా దొరకలేదని సోమవారం సాయంత్రం అక్క ఫోన్‌లో చెప్పింది."

అయిదో పేజీలో అక్క "నువ్వే రా" అన్నదానికి "నన్నే రా అని చెప్పింది" అని రాశావు. ఆజ్ఞను ఇలా మార్చేటప్పుడు క్రియ రూపమే మారుతుంది కనుక "నన్నే రమ్మంది" అని దిద్దుకో.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి