ముప్పై కిలోల్లో ఇంటిల్లిపాదికీ సర్దడం

ప్రశ్న: దుబాయ్ వచ్చాక మొదటిసారి కరీంనగర్‌కు సెలవు మీద వెళ్తున్నాను. టికెట్‌లో 30 కిలోలు రాశారు. ఇంట్లో పదిమంది ఉన్నారు. ఏమి తీసుకెళ్లాలి? కస్టమ్స్ దగ్గర ఇబ్బంది అవుతుందా?

జవాబు: సామాను కొనకముందే ఖాళీ పెట్టెను తూచండి. చేతితో పట్టుకుని తూచే చిన్న కాటా ఇక్కడ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. నా పెట్టె బరువే నాలుగున్నర కిలోలు, నా బట్టలు అయిదు కిలోలు. కౌంటర్ కాటాకూ మన కాటాకూ తేడా వస్తుందని ఒక కిలో వదిలేస్తే, కానుకలకు మిగిలింది పందొమ్మిదిన్నర కిలోలే.

మొదటి సెలవులో ఈ లెక్క వేయక, అమ్మకని, మేనత్తకని రెండు బ్లాంకెట్లు కొన్నాను. ఇక్కడ బ్లాంకెట్ల మీద బరువు ముద్రించి ఉంటుంది. నావి ఒక్కొక్కటి అయిదు కిలోలు. పైగా పాలపొడి డబ్బా మీద రాసిన రెండున్నర కిలోలు పొడి బరువేనని, రేకు డబ్బా బరువు దానికి అదనమని నాకు తట్టలేదు. కౌంటర్ దగ్గర నాలుగు కిలోలు ఎక్కువ తేలడంతో, అందరి ముందూ పెట్టె విప్పి, అత్తకని కొన్న బ్లాంకెట్‌ను సాగనంపడానికి వచ్చిన స్నేహితుడి చేతిలో పెట్టవలసి వచ్చింది.

అప్పటి నుంచి పెట్టెలో బరువైన వస్తువు ఒక్కటే ఉంటుంది, అది ఇంట్లో పెద్దవారికి. మిగతావారికి ఖర్జూరం నాలుగు కిలోలు, బాదం ఒక కిలో, పిల్లలకు చాక్లెట్లు రెండు కిలోలు, వదినలకు, బావలకు చిన్న అత్తరు సీసాలు. ఖర్జూరాన్ని అరకిలో పొట్లాలుగా కొంటే ఎనిమిది ఇళ్లకు సరిపోతుంది. ఒకే పెద్ద డబ్బా తెస్తే అది అమ్మ అల్మారాలోనే ఉండిపోతుంది. వేసవిలో వెళ్లేటట్లయితే చాక్లెట్లను బ్లాంకెట్ మడతల మధ్య పెట్టండి, కరగడం కొంత తగ్గుతుంది. అత్తరు ఒక్కో సీసా అర లీటరు, మొత్తం రెండు లీటర్లు మించకూడదు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి.

ఇక కస్టమ్స్ చూసేది బరువు కాదు, విలువ. సుంకం లేకుండా తెచ్చుకునే కొత్త వస్తువుల పరిమితి అంతకుముందు 50,000 రూపాయలు. 2026 ఫిబ్రవరి నుంచి 75,000 అయింది. పైన చెప్పిన సరుకంతా కలిపినా అందులో సగానికి రాదు. తమ్ముడికి ఖరీదైన కొత్త ఫోను కొంటేనే లెక్క మారుతుంది, దాని బిల్లు దగ్గర ఉంచుకోండి. ఒకే విమానంలో భార్యాభర్తలు వచ్చినా, ఇద్దరి పరిమితులనూ కలిపి ఒకే వస్తువుకు వాడుకోవడం కుదరదు.

టీవీ జోలికి వెళ్లకండి. ఎంత చవకగా కొన్నా అది ఈ మినహాయింపు కిందికి రాదు. నేను 2019లో 43 అంగుళాల టీవీ తెచ్చాను. దాని విలువను 20,000 రూపాయలుగా లెక్కించి, అప్పటి 38.5 శాతం చొప్పున 7,700 కట్టించుకున్నారు. నిబంధన తెలుసుకోకుండా తెచ్చిన తప్పు నాదే. సుంకం కలిపాక, అదే టీవీ కరీంనగర్‌లో కొన్నా అంతే అయ్యేదని మా బావ ఇప్పటికీ గుర్తుచేస్తూ ఉంటాడు.