మోకాలికి గాజుగుడ్డా, ఫోమా? మడమ బొబ్బకు ఏది?

ప్రశ్న: "మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లతో మెట్లెక్కి మావారి రెండు మోకాళ్లూ గీసుకుపోయాయి. నాకేమో మడమ మీద బొబ్బ వచ్చి పగిలింది. మెడికల్ షాపులో గాజుగుడ్డ, హైడ్రోకొలాయిడ్ పట్టీ, స్పాంజిలాంటి సిలికాన్ ఫోమ్ పట్టీ మూడూ చూపించారు. ధరల్లో చాలా తేడా ఉంది. దేనికి ఏది వాడాలి?"

తిరుపతిలో ఇల్లుంటే బంధువులకు కొదవుండదు. వచ్చినవాళ్లలో సగం మంది అలిపిరి నుంచి నడిచే ఎక్కుతామంటారు. దిగి వచ్చాక వాళ్ల కాళ్లు చూసే పని నాది. అందుకే ఈ మూడూ మా ఇంట్లో ఒక డబ్బాలో ఎప్పుడూ ఉంటాయి. ఏది వేయాలో తేల్చుకోవడానికి నేను ముందు చూసేది పుండు ఎంత తడిగా ఉందన్నదే.

మొన్నామధ్య మా తమ్ముడు కూడా మీవారిలాగే రెండు మోకాళ్లూ గీసుకుని వచ్చాడు. ముందు కొళాయి కింద నీళ్లు ధారగా పోనిచ్చి బాగా కడిగాం. ఇసుక రేణువులు మిగిలితే తడి గాజుగుడ్డతో మెల్లగా తుడిచి తీసేయాలి, లేకపోతే చర్మం కింద నల్లటి మచ్చల్లా ఉండిపోతాయి. నెత్తురు వస్తుంటే గాజుగుడ్డ మడతపెట్టి, మధ్యలో ఎత్తి చూడకుండా పది నిమిషాలు అదిమి పట్టాలి. ఈ పనికి గాజుగుడ్డను మించింది లేదు, ఫోమ్ నెత్తురును ఆపదు.

ఇంట్లో ఒకే ఒక్క ఫోమ్ పట్టీ మిగిలింది. దాన్ని ఒక మోకాలికి వేసి, రెండో దానికి పారఫిన్ పూసిన గాజుగుడ్డ, దానిమీద పొడి గాజుగుడ్డ పెట్టి రోలర్ బ్యాండేజీ చుట్టాను. మొదటి రెండు మూడు రోజులు ఇలాంటి గాయం నుంచి పసుపురంగు నీరు బాగా కారుతుంది. ఫోమ్ దాన్ని పీల్చుకుంది. సిలికాన్ పొర పొడి చర్మానికి అంటుకుంటుంది గానీ తడి పుండుకు అంటదు. అందుకే అంచు లేపి చూసి మళ్లీ అలాగే అతికించినా వాడు కిమ్మనలేదు. పైన కనబడే తడి మరక అంచుదాకా వస్తుంటే మార్చాలి, అంతవరకు కొన్ని రోజులు అలాగే ఉంచొచ్చు. రెండో మోకాలికి రోజూ కట్టు మార్చాల్సి వచ్చింది, కాలు మడిచినప్పుడల్లా కట్టు జారేది. చివరికి రెండూ మానాయి. తేడా అంతా కట్టు మార్చేటప్పటి నొప్పిలోనే.

పొడి గాజుగుడ్డను మాత్రం నేరుగా పుండుమీద పెట్టకండి. తెల్లారేసరికి ఆరి అతుక్కుపోతుంది, పీకితే కొత్త చర్మం దాంతో పాటే వస్తుంది. అప్పటికే అతుక్కుంటే సెలైన్‌తో తడిపి, నానాక తీయండి. పుండును ఆరబెట్టి పక్కు కట్టనివ్వాలని మన పెద్దవాళ్లు అంటారు గానీ, తేమగా ఉంచితే పైచర్మం త్వరగా మూసుకుంటుందని 1962లోనే జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగంలో తేలింది.

ఇక మీ మడమ. పగిలిన బొబ్బ శుభ్రంగా ఉండి, నీరు కొంచెమే వస్తుంటే హైడ్రోకొలాయిడ్ సరైనది. చుట్టూ చర్మం పూర్తిగా ఆరాక, పుండు దాటి అన్ని వైపులా రెండు సెంటీమీటర్లు వచ్చేలా అతికించి, అరచేత్తో ఒక నిమిషం అదిమి పట్టండి. ఆ వెచ్చదనానికి బాగా పట్టుకుంటుంది. ఒకటి రెండు రోజులకు మధ్యలో తెల్లగా ఉబ్బుతుంది. తీస్తే పసుపు జిగురు, ఒక రకమైన వాసన. చాలామంది అది చూసి చీము పట్టిందని టెన్షన్ పడతారు. అది ఆ పట్టీలోని పదార్థం నీరు పీల్చుకుని జెల్‌గా మారినదే. కడిగేస్తే పోయి, కింద గులాబీ రంగు చర్మం కనబడితే అంతా బాగున్నట్టే. చుట్టూ ఎరుపు పాకడం, వేడి, రోజురోజుకీ పెరిగే నొప్పి, జ్వరం ఉంటే మాత్రం ఇన్ఫెక్షనే. పట్టీ తీసేసి డాక్టర్‌కు చూపించండి. తీసేటప్పుడు పైకి లాగొద్దు, అంచు పట్టుకుని చర్మం వెంబడే సాగదీస్తే దానంతటదే వదులుతుంది. మన ఎండల్లో చెమటకు అంచులు చుట్టుకుపోతుంటాయి, అప్పుడు పైన ప్లాస్టర్ వేసుకోండి.

ముసలివాళ్ల చర్మం పలచగా ఉంటే హైడ్రోకొలాయిడ్ వద్దు, దాంతో పాటు చర్మమే ఊడి రావచ్చు. వాళ్లకు ఫోమే మేలు. షుగర్ ఉన్నవాళ్ల పాదం మీద పుండు ఎంత చిన్నదైనా ఇంట్లో ప్రయోగాలు వద్దు, డాక్టర్‌కు చూపించండి. మీవారు టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకుని, ఇప్పుడు మళ్లీ అవసరమా అని డాక్టర్‌ను అడగండి.

ధర సంగతంటారా, షాపులో అంచు జిగురు లేని ఫోమ్ అడగండి. దాన్ని కత్తిరించుకోవచ్చు. శుభ్రమైన కత్తెరతో ఒక్క షీటును రెండు ముక్కలు చేసి, రెండు మోకాళ్లకూ ఒకేసారి వేసి, పైన వదులుగా బ్యాండేజీ చుట్టేయండి.