అమ్మలూ, అక్కడ స్నానం ఇక్కడి స్నానం కాదు

అమ్మలూ,

నువ్వు జనవరిలో కెనడాలోని సస్కటూన్ వెళ్తున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పింది. సంతోషం పట్టలేక పెదనాన్నని నిద్రలేపి మరీ చెప్పాను. ఆ తర్వాత నాకే నిద్రపట్టలేదు. అదే ఊరికి, అలాంటి చలికాలంలోనే 1998 డిసెంబర్‌లో నేను అడుగుపెట్టాను. మన ఇంట్లోంచి మళ్ళీ ఆ ఊరు వెళ్తున్నది నువ్వే. అందుకని తెల్లారగానే ఇది రాయడానికి కూర్చున్నాను.

కోటు, బూట్లు ఇక్కడ కొనకు, అక్కడే కొనుక్కో. బయటికి వెళ్తే చెవులు, వేళ్ళు కప్పుకో. అక్కడి చలికాలపు ఎండలో మన చర్మానికి విటమిన్ డి తయారు కాదు, కాబట్టి డాక్టర్ని అడిగి మాత్ర వేసుకో. ఇడ్లీ పిండి పులియకపోతే అవెన్ వేడి చెయ్యకుండా, లోపలి దీపం మాత్రం వేసి రాత్రంతా అందులో పెట్టు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది స్నానం సంగతి. నాకు చెప్పినవాళ్ళు లేకే కాలు పాడుచేసుకున్నాను.

ముందు అక్కడి గాలి ఎలాంటిదో అర్థం చేసుకో. మన వానాకాలంలో ఉప్పు జాడీలో నీరు ఊరడం, వేయించిన అప్పడం మూత మర్చిపోతే గంటలో మెత్తబడడం నీకు తెలుసు కదా. సస్కటూన్‌లో నేను మర్చిపోయిన అప్పడం వారం తర్వాత కూడా కరకరలాడింది. ఆగస్టులో మన ఊళ్ళో ఒక ఘనపు మీటరు గాలిలో 20 గ్రాముల పైనే నీటి ఆవిరి ఉంటుంది. అక్కడ మైనస్ 20లో ఉన్న గాలి సుమారు ఒక్క గ్రామే పట్టగలదు. ఆ గాలే ఇంట్లోకి వచ్చి హీటర్‌తో 21 డిగ్రీలకి వేడెక్కితే 18 గ్రాముల దాకా తాగగలదు. ఉన్నదేమో ఒక్క గ్రాము. మిగతా దాహమంతా నీ పెదాల మీద, ముక్కు లోపల, కాళ్ళ మీద తీర్చుకుంటుంది. బయటి చలి కంటే లోపలి వెచ్చదనమే చర్మాన్ని ఎక్కువ ఎండబెడుతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నేనేం చేశానో చెబుతాను, విను. ఇక్కడ రెండు పూటలా స్నానం చేసి పెరిగినదాన్ని. చెమట, ఉక్క, బురద, మరి చెయ్యకపోతే ఎలా? మీ అమ్మమ్మైతే స్నానం చెయ్యకుండా వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. అక్కడ కుళాయి తిప్పితే చాలు, ఎంత సేపైనా పొగలు కక్కే నీళ్ళు. ఇక్కడ కాగు కింద కట్టెలు ఎగదోసి కాచుకున్న నీళ్ళకి ఒక లెక్కుండేది, అక్కడ లెక్కే లేదు. బయట చలికి వణికి వచ్చి అరగంట ఆ వేడినీళ్ళ కింద నిలబడేదాన్ని, పొద్దున, సాయంత్రం. ఒళ్ళంతా సబ్బు. ఆదివారం కొబ్బరినూనె పట్టించుకుని, సున్నిపిండితో నూనె చుక్క మిగలకుండా రుద్దుకునేదాన్ని.

మూడో వారానికి మోకాలి కింద, ఎముక మీది చర్మం బూడిద పూసినట్టు తెల్లబడింది. పగలు పెద్దగా తెలిసేది కాదు. రాత్రి దుప్పటి కప్పుకుని ఒళ్ళు వెచ్చబడగానే దురద మొదలయ్యేది. దువ్వెనతో గీరుకునేదాన్ని. కొన్నాళ్ళకి సన్నటి గీతలు పడి, ఎండాకాలంలో చెరువు అడుగు నెర్రెలిచ్చినట్టు అయ్యింది. మురికి సరిగ్గా పోవడం లేదేమో అనుకుని నీళ్ళలో డెట్టాల్ వేసుకున్నాను. ఇంకా మండింది. అప్పుడు తామర అనుకున్నాను. మన దగ్గర దురదంటే తామరేగా. ఊరి నుంచి వచ్చేటప్పుడు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు ఒకటి ఉంటే అది రాశాను.

రెండు రోజుల్లో దురద మాయమైంది. మందు పనిచేసిందని ఎంత సంబరపడ్డానో! మానేస్తే మళ్ళీ వచ్చింది, మళ్ళీ రాశాను. అలా రెండు నెలలు. ఆ ట్యూబులో గట్టి స్టెరాయిడ్ ఉందని నాకు తెలియదు. అది ఎరుపునీ దురదనీ తొక్కిపెడుతుందే తప్ప పోయిన నూనెని తిరిగి ఇవ్వదు. పైగా అలా అడ్డూ అదుపూ లేకుండా రాస్తే చర్మాన్ని ఉల్లిపొరలా పలచన చేస్తుంది. నిజంగా తామరే ఉండి ఉంటే, ఆ మందు చాటున అది ఇంకా పాకేది. మార్చిలో ఒక నెర్రె చీము పట్టింది. తెల్లారేసరికి పాదం వాచింది, మధ్యాహ్నానికి ఎరుపు పిక్క దాకా ఎక్కింది, ముట్టుకుంటే కాలింది, చలి జ్వరం. పెదనాన్న మంచులో నన్ను దాదాపు ఎత్తుకునే క్లినిక్‌కి తీసుకెళ్ళారు. పది రోజులు యాంటీబయాటిక్ వాడితే గానీ తగ్గలేదు.

అక్కడి నర్సు నా కాలు చూసి, మందు గురించి కాదు, మొదట స్నానం గురించి అడిగింది. ఎన్నిసార్లు, ఎంత వేడి, ఎంత సేపు, సబ్బు ఎక్కడెక్కడ. చెబుతుంటే తల ఊపుతూ విన్నది. ఆ తర్వాత నా చెయ్యి తడిపి, తువ్వాలుతో తుడవకుండా అద్ది, ఆ తడి మీదే చిక్కటి క్రీము రాసి చూపించింది. చర్మం మీదుండే నూనెని వేడినీళ్ళు, సబ్బు కడిగేస్తాయట. మోకాలి కింద నూనె గ్రంథులే తక్కువట, అందుకే ముందు అక్కడే పగులుతుందట. ఆ ఐదు నిమిషాల పాఠం డిసెంబర్‌లోనే ఎవరైనా చెప్పి ఉంటే ఆ కాలు ఆ గతి పట్టేది కాదు.

కాబట్టి అమ్మలూ, నువ్వు ఇలా చెయ్యి. చలికాలంలో రోజుకి ఒక్క స్నానం చాలు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. అద్దం మీద పొగ దట్టంగా కమ్మేసిందంటే వేడి ఎక్కువైనట్టే. ఐదు నిమిషాలు, పోనీ పది. సబ్బు చంకల్లో, గజ్జల్లో, పాదాలకి మాత్రమే. చేతులకీ కాళ్ళకీ నీళ్ళు చాలు, అక్కడ నీకు చెమటే పట్టదు. సున్నిపిండి తీసుకెళ్ళకు. సాయంత్రం దీపం పెట్టుకునే ముందు ముఖం, కాళ్ళు, చేతులు కడుక్కో. అమ్మమ్మ ఉండి ఉంటే నా కాలు చూశాక తనే ఒప్పుకునేది.

స్నానం అవగానే తువ్వాలుతో అద్దుకుని, ఒంటి మీద ఇంకా చెమ్మ ఉండగానే, మూడు నిమిషాల్లోపు, క్రీము రాసెయ్యి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. క్రీము నీళ్ళని పుట్టించదు, ఉన్న తడిని లోపల మూతపెడుతుంది. ఆరిపోయాక రాస్తే మూత పెట్టడానికి లోపల ఏమీ ఉండదు. సీసాలో పోసే లోషను కాదు, డబ్బాలో వేలితో తీసుకునే చిక్కటిది, వాసన లేనిది కొను. పగుళ్ళ మీదైతే రాత్రి పెట్రోలియం జెల్లీ పట్టించి నూలు మేజోళ్ళు వేసుకో. ఉన్ని బట్ట నేరుగా ఒంటికి తగలనివ్వకు, లోపల మెత్తటిది ఉండాలి.

మన తోట కాయల నూనె తీసుకెళ్తానంటావు, తెలుసు. తీసుకెళ్ళు. అంబాజీపేట గానుగ నుంచి రెండు సీసాలు తెప్పించి ఉంచుతాను. అక్కడి గదిలో అది గడ్డకడుతుంది, 24 డిగ్రీల కింద కొబ్బరినూనె అంతే, పాడైందనుకోకు. వేలితో గీకి అరచేతుల మధ్య రుద్దితే కరుగుతుంది. కానీ మనలా స్నానానికి ముందు కాదు, స్నానం తర్వాత తడి ఒంటికి రాయాలి. అరికాళ్ళకి రాసుకుని మాత్రం టబ్బులో దిగకు. జారి పడితే అక్కడ లేవదీయడానికి నేను లేను, ఆ మాట తలుచుకుంటేనే నా గుండె ఆగుతోంది.

గదిలో తేమ చూపే చిన్న మీటరు దొరుకుతుంది, ఒకటి కొనుక్కో. 30, 35 శాతం ఉంటే నీకు హాయి. 20 కంటే కిందికి దిగితే ఉతికిన బట్టలు గదిలోనే ఆరేసుకో, రెండు పనులూ అవుతాయి. చాలకపోతే హ్యూమిడిఫయర్ పెట్టుకో, కానీ రోజూ నీళ్ళు పారబోసి కడగాలి, లేకపోతే లోపల జిగురు పట్టి ఆ బూజే నువ్వు పీలుస్తావు. మన ఊరిలా ఉండాలని 50కి పెంచకు. కిటికీ అద్దాల మీద నీళ్ళు కారితే, మంచు కట్టితే ఎక్కువైందన్నమాట, తగ్గించి తుడిచెయ్యి.

ఒకవేళ దురద వచ్చిందనుకో, లైటు వేసి సరిగ్గా చూడు. ఎండుదనమైతే రెండు కాళ్ళకీ ఒకేలా వస్తుంది, పొట్టు రాలుతుంది, సన్నటి నెర్రెలుంటాయి. తామరైతే చాలాసార్లు ఒకవైపే గుండ్రంగా మొదలై, అంచు ఉబ్బి ఎర్రగా ఉండి, నడుమ తేటబడి పెరుగుతూ పోతుంది. ఎండుదనం ఈ పద్ధతిలో వారం పది రోజుల్లో దారికొస్తుంది. రాకపోతే, గుండ్రటి అంచు కనిపిస్తే డాక్టర్‌కి చూపించు. రసి కారినా, పసుపు చెక్కు కట్టినా, ఎరుపు పైకి పాకుతున్నా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్ళు, పరీక్ష ఉన్నా సరే. ఇక్కడి మందుల షాపులో ఎవరో చేతిలో పెట్టే ట్యూబు నీ పెట్టెలో కనిపిస్తే ఊరుకోను. మీ అమ్మతో కూడా చెప్పాను, సామాను సర్దే రోజు నేనే వచ్చి వెతుకుతాను.

నీకు చిన్నప్పటి నుంచీ దోమ కుట్టినా రక్తం వచ్చేదాకా గోకే అలవాటు. నీ చేతులు పట్టుకుని పడుకోబెట్టిన రాత్రులు నాకింకా గుర్తే. గోళ్ళు చిన్నగా కత్తిరించుకో తల్లీ. చేరిన మొదటి రెండు నెలలూ ఆదివారం వీడియో కాల్ చేసినప్పుడు ముఖం తర్వాత చూపిద్దువుగాని, ముందు ప్యాంటు మోకాలి దాకా మడిచి కాళ్ళు చూపించు. కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంటాను.

మీ పెద్దమ్మ