జూలైకీ ఆగస్టుకీ 31 రోజులే, షాపు తెరిచిన రోజులు మాత్రం వేరు

ప్రశ్న: ఏలూరులో ప్రభుత్వ కార్యాలయాల దగ్గర జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నాను. జూలైలో 3,50,000 రూపాయలున్న వ్యాపారం ఆగస్టులో 3,04,500కి పడిపోయింది. రెండూ 31 రోజుల నెలలే కాబట్టి గిరాకీ తగ్గిందనే అనుకుంటున్నాను. అద్దె, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు, మెషీన్ వాయిదా కలిపి నెలకు 65,000 తప్పదు. ఒక కుర్రాణ్ణి మానిపించాలా? రెండు నెలల రోజువారీ పద్దు జత చేశాను, సలహా ఇవ్వగలరు.

జవాబు: ఆ నిర్ణయాన్ని ప్రస్తుతానికి ఆపమని నా సలహా. మీ పద్దులో తేదీల పక్కన అంకెలున్న వరుసలను లెక్కపెట్టండి, అసలు సంగతి అక్కడే ఉంది. 2025 జూలైలో ఆదివారాలు నాలుగు. మొహర్రం కూడా 6వ తేదీ ఆదివారమే రావడం వల్ల ఆ నెలలో మీకు వేరే సెలవు పడలేదు, 27 రోజులు షాపు తెరిచారు. ఆగస్టు శుక్రవారంతో మొదలైంది కాబట్టి అందులో ఆదివారాలు ఐదు. వాటికి తోడు 15న శుక్రవారం స్వాతంత్య్ర దినోత్సవం, 16న శనివారం కృష్ణాష్టమి, 27న బుధవారం వినాయక చవితి వచ్చాయి. మొత్తం ఎనిమిది రోజులు మూసి, 23 రోజులు తెరిచారు. అంటే నాలుగు రోజుల వ్యాపారం అసలు జరిగే అవకాశమే లేని నెలను, నెల మొత్తంతోనే పోల్చి చూశారు.

మొత్తాన్ని తెరిచిన రోజులతో భాగిస్తే జూలైలో రోజుకు 12,963 రూపాయలు, ఆగస్టులో 13,239 రూపాయలు వస్తాయి. నెల మొత్తంలో 13 శాతం తగ్గుదల కనిపించిన చోట, రోజు సగటులో రెండు శాతం పెరుగుదల కనిపిస్తోంది. అయితే దీన్ని కూడా వెంటనే నమ్మవద్దు, ఎందుకంటే మీ దగ్గర రోజులన్నీ సమానం కావు. పద్దు ప్రకారం సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకు సుమారు 14,000 రూపాయలు వస్తుండగా, శనివారం 7,000 దగ్గరే ఆగుతోంది. కాబట్టి శనివారాన్ని అర రోజుగా లెక్కించడం న్యాయం. జూలైలో 23 నిండు రోజులు, నాలుగు శనివారాలు కలిపి 25 రోజులు అవుతాయి. ఆగస్టులో 19 నిండు రోజులు, నాలుగు శనివారాలు కలిపి 21 అవుతాయి. ఇప్పుడు భాగిస్తే జూలైకి 14,000, ఆగస్టుకు 14,500 వస్తుంది. రెండు నెలల్లోనూ శనివారాలు నాలుగే అయినప్పుడు తేడా ఎందుకు రావాలని మీకు అనిపించవచ్చు. 27 రోజుల్లో నాలుగు అర రోజులు ఉండటం కంటే 23 రోజుల్లో నాలుగు ఉండటం సగటును ఎక్కువగా కిందికి లాగుతుంది, అందుకే మొదటి లెక్కలో ఆగస్టు పెరుగుదల కాస్త తక్కువగా కనిపించింది. 2025 నవంబరులో శనివారాలు, ఆదివారాలు ఐదేసి చొప్పున వస్తున్నాయి కాబట్టి అప్పుడు ఈ సవరణ లేకుండా పోలిక చేయడం కుదరదు.

శనివారం విలువ సగమా, ముప్పావా అన్నది ఊహించి పెట్టుకోవద్దు. మూడు నెలల శనివారాల సగటును అదే కాలంలోని మిగతా రోజుల సగటుతో భాగించండి, వచ్చిన నిష్పత్తినే ఏడాది పొడవునా వాడండి. నెల ముగిసి మొత్తం చేతికొచ్చాక నిష్పత్తి మారుస్తూ పోతే, మనకు కావలసిన జవాబు వచ్చే వరకు లెక్క వేసుకుంటూనే ఉంటాం. ఇదే కారణంతో, వర్షం వల్ల జనం రాని రోజును పనిదినాల్లోంచి తీసేయవద్దు. షట్టర్ తెరిచి, కుర్రాళ్లకు జీతం లెక్కపడిన ప్రతి రోజూ పనిదినమే.

ఇక ఆగస్టు పద్దులో 20వ తేదీన ఒక చవితి పందిరి కమిటీకి చందా రశీదు పుస్తకాలు, కరపత్రాలు చేసి ఇచ్చిన 12,600 రూపాయల బిల్లు ఉంది. ఇలాంటి పని షాపు ఎన్ని రోజులు తెరిచామన్న దానిపై ఆధారపడదు; పండగను బట్టి వస్తుంది, పండగతో పోతుంది. దాన్ని రోజులతో భాగించి సగటులో కలిపితే, మీ రోజువారీ గిరాకీ పెరిగినట్టు భ్రమ కలుగుతుంది. ఇటువంటి బిల్లులను రెండు నెలల్లోంచీ పక్కన పెట్టాలి. జూలైలో అలాంటిదేదీ నాకు కనిపించలేదు. ఆగస్టులో దాన్ని తీసివేస్తే మిగిలిన 2,91,900ని 21తో భాగించగా 13,900 వస్తుంది. అంటే జూలైతో పోలిస్తే రోజుకు వంద రూపాయలు తక్కువ. ఒక రోజు 10,000, మరో రోజు 18,000 వచ్చే మీవంటి షాపులో ఈ వంద రూపాయల తేడాకు అర్థం వెతకనవసరం లేదు. రోజు సగటు ఒకే దిశలో మూడు నెలలు వరుసగా జారితే అప్పుడు ఆలోచించాలి.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది, అది మీ పద్దులోనే బయటపడింది. మూసిన రోజు రావలసిన గిరాకీ అంతా పోదు, కొంత మరుసటి రోజుకు వాయిదా పడుతుంది. దరఖాస్తుకు జిరాక్స్ కావలసిన మనిషి 27న రాలేకపోతే 28న వస్తాడు. వరుసగా మూడు రోజులు మూసిన తర్వాత 18వ తేదీ సోమవారం మీకు 19,200, చవితి మర్నాడు 17,800 వచ్చాయి. రెండూ మామూలు రోజు కంటే బాగా ఎక్కువ. కాబట్టి సెలవులు ఎక్కువున్న నెలలో రోజు సగటు ఉన్నదాని కంటే కొంచెం మెరుగ్గా కనిపిస్తుంది. పోలిక చేసే ముందు సెలవుల మర్నాటి అంకెలను ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి. నిరుటి ఆగస్టుతో పోల్చినా ఈ చిక్కు తప్పదు, ఎందుకంటే మన పండగలు తిథులను బట్టి నెలలు మారుతుంటాయి. 2024లో చవితి సెప్టెంబరు 7న వచ్చింది, 2025లో ఆగస్టు 27న వచ్చింది, అధిక మాసం ఉండటం వల్ల 2026లో మళ్లీ సెప్టెంబరు 14న వస్తుంది.

మరొక్క మాట. మొత్తాన్ని బిల్లు తేదీ ప్రకారం వేయాలి, డబ్బు చేతికందిన తేదీ ప్రకారం కాదు. ఆఫీసుల ఖాతా పనుల డబ్బు నెల దాటి వస్తుంది కాబట్టి, యూపీఐ యాప్‌లో కనిపించే నెల మొత్తాన్ని పనిదినాలతో భాగిస్తే జూలై పనికి ఆగస్టు రోజులను లెక్కగట్టినట్టు అవుతుంది.

ఇంతవరకు చూసింది వ్యాపారం ఆరోగ్యం గురించి. మీ ఇంటికి మిగిలిన డబ్బు నిజంగానే తగ్గింది, దాన్ని రోజు సగటు కప్పిపుచ్చకూడదు. కాగితం, టోనర్, మెషీన్ మరమ్మతులు పోగా వంద రూపాయలకు 40 మిగులుతోందని మీ కొనుగోళ్ల పద్దు చెబుతోంది. ఆ ప్రకారం జూలైలో 1,40,000 మిగిలి, తప్పనిసరి ఖర్చు 65,000 పోగా 75,000 చేతికొచ్చింది. ఆగస్టులో 1,21,800 మిగిలి, అదే ఖర్చు పోగా 56,800 మాత్రమే వచ్చింది. ఇంటి ఓనరు సెలవులు చూసి అద్దె తగ్గించడు కదా. అందువల్ల షాపు బాగా నడుస్తోందా అన్న ప్రశ్నకు రోజు సగటునూ, ఈ నెల వాయిదా కట్టగలనా అన్న ప్రశ్నకు నెల మొత్తాన్నీ చూడాలి. ఒకదాని జవాబును రెండోదానికి వాడితే ఇప్పుడు మీకు కలిగిన ఆందోళనే కలుగుతుంది.

ఈ ఎగుడుదిగుడును సరిచేసుకోవడానికి, శనివారాన్ని అర రోజుగానే లెక్కిస్తూ నెలకు సగటున 23 పనిదినాలు అనుకుందాం. ఏడాది పద్దు పూర్తయ్యాక ఈ సంఖ్యను మీ షాపుకు తగినట్టు మార్చుకోండి. ఒక్కో నిండు రోజు కాగితం, టోనర్, మరమ్మతుల ఖర్చు పోగా 5,600 తెస్తుంది. జూలైలో 23కు మించి రెండు రోజులు వచ్చాయి కాబట్టి 11,200 రూపాయలను వేరే పొదుపు ఖాతాలో వేసి ఉండాలి. ఆగస్టులో రెండు రోజులు తగ్గాయి కాబట్టి అదే మొత్తాన్ని తీసుకుని ఉండవచ్చు. అప్పుడు ఇంటికి జూలైలో 63,800, ఆగస్టులో 68,000 అందేవి. ఆగస్టులో కాస్త ఎక్కువ అందడానికి ఆ చవితి బిల్లే కారణం.

కుర్రాణ్ణి మానిపించే విషయానికి వస్తే, షాపు తెరిచిన రోజున పడే పని జూలైలో ఎంత ఉందో ఆగస్టులోనూ అంతే ఉంది. అతని జీతం 12,000 మిగులుతుంది, నిజమే. కానీ ఆ 12,000 సంపాదించడానికి మీకు 30,000 రూపాయల వ్యాపారం కావాలి, 21 పనిదినాల నెలలో అది రోజుకు సుమారు 1,430. ఉదయం పదకొండు గంటల రద్దీలో క్యూ చూసి పక్క షాపుకు వెళ్లిపోయేవారి పని అంత విలువ చేస్తే మిగిలింది ఏమీ ఉండదు. అతను రాని రోజుల్లో వ్యాపారం ఎంత జరిగిందో పద్దులో గుర్తు పెట్టి చూడండి, ఆ అంకె నా అంచనా కంటే నమ్మదగినది.

సెప్టెంబరులో 5న మిలాదున్ నబీ, 30న దుర్గాష్టమి రోజున మూస్తే మీకు 20 నిండు రోజులు, నాలుగు శనివారాలు, అంటే 22 పనిదినాలు ఉంటాయి. రోజుకు 14,000 చొప్పున 3,08,000 రావాలి. ఈ అంకెను ఇప్పుడే పద్దు మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. జూలై 3,50,000తో కాకుండా దీనితోనే నెలాఖరున సరిచూసుకోండి. చవితి బిల్లు లాంటి విడి ఆర్డర్లు తీసేశాక మొత్తం 2,80,000 లోపు వస్తే రోజు సగటు 12,730 కిందికి దిగినట్టే కాబట్టి, అప్పుడు పద్దుతో సహా మళ్లీ రాయండి.