అప్పు ఇంటిదాకా ఎప్పుడొస్తుంది?

ప్రశ్న: ఎంబీఏ అయిన మా అబ్బాయి, స్నేహితుడితో కలిసి గుంటూరులో కారం పొడి ప్యాకింగ్ పెడతానంటున్నాడు. చెరో 6 లక్షలు పెట్టుబడి, మొదటి ఏడాది 35 లక్షల అమ్మకాలని అంచనా. పార్ట్‌నర్‌షిప్ చాలని స్నేహితుడు, ప్రైవేట్ లిమిటెడ్ అయితేనే దర్జా అని మావాడు. ఏది మేలు?

జవాబు: దర్జా సంగతి పక్కన పెట్టి, వ్యాపారం దెబ్బతిన్న రోజు ఎలా ఉంటుందో చూద్దాం. యార్డులో వ్యాపారుల దగ్గర 15 లక్షల మిర్చి అరువు తెచ్చారు. సరుకు బూజు పట్టింది. యంత్రాలు, మిగిలిన సరుకు అమ్మితే 5 లక్షలొచ్చాయి. ఇంకా 10 లక్షల బాకీ.

పార్ట్‌నర్‌షిప్ అయితే ఆ 10 లక్షలూ మీ అబ్బాయి ఒక్కడి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. అతని పేరున స్థలం ఉంటే అదీ పోవచ్చు. స్నేహితుడి వాటా తర్వాత అతని దగ్గర రాబట్టుకోవడం మీవాడి తిప్పలు. పైగా సంస్థను రిజిస్టర్ చేయించకపోతే, సరుకు తీసుకుని డబ్బివ్వని దుకాణం మీద ఆ ఒప్పందం ఆధారంగా దావా వేయలేరు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదన్న మాట నిజమే, కానీ ఈ మెలిక చాలామంది చెప్పరు.

మూడో దారి ఎల్‌ఎల్‌పీ, అంటే భాగస్వాముల బాధ్యతకు పరిమితి ఉండే భాగస్వామ్య సంస్థ. అది గానీ కంపెనీ గానీ అయితే, మోసం లేనంతవరకు, మామూలుగా ఆ నష్టం సంస్థ ఆస్తితోనే ఆగుతుంది. ఒక్కచోట తప్ప: బ్యాంకు. అప్పిచ్చేటప్పుడు సొంత హామీ సంతకాలు అడగడం మామూలే. మీరూ హామీదారుగా సంతకం పెడితే, మీ సంపాదనతో కట్టిన ఇల్లు కూడా ఇరుక్కుంటుంది. బోర్డు మీద లిమిటెడ్ అని ఉన్నా ఆ సంతకాన్ని అది ఆపదు.

ఇక ఖర్చు. కంపెనీకి రూపాయి అమ్మకం లేకపోయినా ఏటా ఆడిట్ తప్పదు. లెక్కల ఫారం, వార్షిక రిటర్ను గడువు దాటితే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు. యూనిట్ మూతపడినా ఆ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. ఎల్‌ఎల్‌పీకి కూడా ఏటా రెండు ఫారాలున్నాయి. కానీ అమ్మకాలు 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకు ఆ చట్టం కింద ఆడిట్ అక్కర్లేదు. మీవాళ్లు రెండింటిలోనూ లోపలే ఉన్నారు.

అందుకే నా ఓటు ఎల్‌ఎల్‌పీకి. బయటివాళ్లు వాటా కొని పెట్టుబడి పెడతామంటే అప్పుడు కంపెనీగా మార్చుకోవచ్చు, ఎందుకంటే ఎల్‌ఎల్‌పీలో జారీ చేయడానికి షేర్లుండవు.

అయితే ఒప్పందం మాత్రం స్నేహితులం కదా అని వదిలేయొద్దు. అందులో రాయకపోతే లాభం సమానంగా పంచాలని చట్టమే చెబుతుంది. రోజంతా మిల్లు దగ్గర నిలబడేది మీవాడే అయినా జీతం అడిగే హక్కుండదు. జీతం, చెక్కు సంతకాలు, ఒకరు తప్పుకుంటే వాటాకు ధర కట్టే పద్ధతి రాసుకుని, రిజిస్ట్రేషన్ అయిన 30 రోజుల్లో ఫారం 3తో దాఖలు చేయమనండి.