ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ

ప్రశ్న: విశాఖలో ఓ ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెబుతాను. రాత్రి పదింటికి కూడా పేరెంట్స్ ‘మా బాబుకి మార్కులెందుకు తగ్గాయి’ అని వాట్సాప్ చేస్తారు. జవాబివ్వకపోతే ప్రిన్సిపాల్‌కి ఫోన్. ఆయన వాళ్ల ముందే నన్ను పిలిచి ‘సారీ చెప్పండి మేడం’ అంటారు. ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ. మానేద్దామంటే ఇంటి లోన్ ఉంది. ఏం చేయను?
– ఒక టీచర్, ఎంవీపీ కాలనీ

జవాబు: మార్కుల గొడవ ఏ స్కూల్లోనైనా ఉంటుందమ్మా. మిమ్మల్ని కుంగదీస్తున్నది మీ మాట వినకుండానే తీర్పు చెప్పేయడం. అందుకే ముందు ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. ఆయన మిమ్మల్ని వెనకేసుకొస్తారని మాత్రం ఆశపడకండి. అడ్మిషన్లు తగ్గితే మేనేజ్‌మెంట్ అడిగేది ఆయన్నే. ‘సార్, ఎవరైనా కంప్లయింట్ చేస్తే వాళ్ల ముందుకు పిలిచేలోపు నాతో ఐదు నిమిషాలు మాట్లాడండి, పేపరు తెస్తాను’ అని ఈ ఒక్కటే అడగండి. గొడవైన రోజు వద్దు, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు అడగండి. ఒప్పుకుంటే ఆ మాటే థాంక్స్‌తో మెసేజ్ పెట్టండి.

50కి 31 వచ్చాయని ఓ తండ్రి వచ్చాడనుకుందాం. ‘బాబు శ్రద్ధ పెట్టట్లేదండీ’ అన్నారో, ఇక అంతే. పేపరు తెరవండి. భిన్నాల కూడికలో హారాలు సమం చేయకుండా కూడేశాడు, మూడు లెక్కల్లోనూ అదే తప్పు, 9 మార్కులు అక్కడే పోయాయి. రెండు వారాలు రోజూ నాలుగు లెక్కలిస్తాను, మీరు చూసి సంతకం పెట్టండని చెప్పండి. ఆ మాటలు తేదీతో ఒక నోట్‌బుక్‌లో రాసి ఆయన సంతకమూ తీసుకోండి. దిద్దడంలో మీదే పొరపాటైతే అక్కడే మార్కులు కలపండి. కాకపోతే సారీ అక్కర్లేదు.

రాత్రి మెసేజ్‌లకు, ప్రిన్సిపాల్‌కి ముందే చెప్పి, సాయంత్రం ఒక గంట జవాబిస్తానని గ్రూపులో పెట్టండి. కొన్నాళ్లు విసుక్కుంటారు. ఒక్క రాత్రి మీరు మెత్తబడి జవాబిచ్చినా మళ్లీ మొదటికొస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ పేరెంట్స్‌తో క్రమంగా సమావేశమై పిల్లల హాజరు, చదువు గురించి చెప్పమంటుంది. రాత్రి పదింటికి ఫోను చూడమని అందులో లేదు లెండి.

ఇంత చేసినా ఈ విద్యా సంవత్సరం చివరికి ప్రిన్సిపాల్ తీరు మారకపోతే వేరే స్కూలు చూసుకోండి. ఉన్నపళంగా రాజీనామా మాత్రం వద్దు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు గడువు ఎంతో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు స్కూల్లో ఉంటే ముందు వాటి సంగతి తేల్చుకోండి. రెండు మూడు ఈఎంఐలకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోండి.

ఆ దడ సంగతి విడిగా చూడాలి. ఒకసారి డాక్టర్‌కి చూపించి బీపీ, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. అవి బాగున్నా రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. నేరుగా డాక్టర్ని కలవాలంటే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీ ఉంది. ఆ పేరు చెప్పగానే మనూళ్లో జనం ఒకలా చూస్తారు, నిజమే. కానీ నిద్ర పట్టట్లేదని వెళ్లే ఉద్యోగస్తులు అక్కడ చాలామందే కనిపిస్తారు.