“జర మంచిగ చేసియ్యి తమ్మీ” అంటే ఏం అడగాలి, ఏం వదిలేయాలి?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. సాయంత్రాలు ఒక ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేస్తాను. సొంతంగా కూడా ఆర్డర్లు వస్తున్నాయి. వచ్చినవాళ్లు “ఒక బొమ్మ జర మంచిగ చేసియ్యి తమ్మీ” అని వెళ్లిపోతారు. సైజు చెప్పరు, ఎట్లా ఉండాలో చెప్పరు. అన్నీ అడిగితే విసుక్కుంటున్నారు. అడగకుండా చేస్తే నాలుగైదుసార్లు మార్పిస్తున్నారు. డిగ్రీ అయ్యాక ఇదే పనిలో ఉండాలని నా ఆశ. ఈ టెన్షన్ ఎప్పుడూ ఇట్లనే ఉంటుందా సార్?

జవాబు: ఏదైనా అడగబోయే ముందు ఒక్క క్షణం ఆగి, ఆ ప్రశ్నకు రెండు వేర్వేరు జవాబులు ఊహించుకోండి. జవాబు మారితే పని మొదటినుంచి చేయాల్సి వస్తుందా? అయితే తప్పకుండా అడగండి. ఒక రంగు మారిస్తేనో, ఒక అక్షరం తీసేస్తేనో సరిపోతుందా? అయితే అడగొద్దు. మీకు సరైనది అనిపించింది పెట్టండి, పెట్టిన సంగతి వాళ్లకు చెప్పండి. విసుగు వచ్చేది ప్రశ్నలు ఎక్కువైనందుకే కాదు, వాటిలో సగం మీరే తేల్చుకోగలిగేవి అయినందుకు కూడా.

ఒక ఆర్డర్ తీసుకుని చూద్దాం. నారాయణపేటలో చీరల దుకాణం ఉన్న ఒకాయన మీకు ఫోన్ చేశాడనుకోండి. “దసరాకు చీరల బొమ్మ ఒకటి చేసియ్యి తమ్మీ, రేపు పొద్దుటికి కావాలె” అన్నాడు. ఇందులో సైజు లేదు, ఏ చీరో లేదు, ఫోటో పెట్టాలా, గీసిన బొమ్మా అనేది లేదు. రంగులు, మాటలు, ఫోన్ నంబరు ఏవీ లేవు. వరసపెట్టి అడిగితే పది ప్రశ్నలు అవుతాయి. నిజంగా అడగాల్సినవి మూడే.

మొదటిది సైజు. దాన్ని సైజు అని అడిగితే ఆయన “నీకే తెలుసు గదా” అంటాడు, ఆయన తప్పేమీ లేదు. “ఇది ఎక్కడ పెడతారన్నా, ఫోన్ స్టేటస్‌లోనా, షాపు ముందు ఫ్లెక్సీగానా?” అని అడగండి. వెంటనే చెబుతాడు. ఈ ఒక్క జవాబు మీద మొత్తం అమరిక ఆధారపడి ఉంటుంది. స్టేటస్‌కు నిలువు బొమ్మ కావాలి, 1080×1920 పిక్సెళ్లు. షాపు ముందు కట్టేది ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్సీ అయితే అది అడ్డం బొమ్మ. నిలువుగా చేసినదాన్ని అడ్డంగా కత్తిరిస్తే పైన ఉన్న షాపు పేరో, కింద ఉన్న చీర అంచో పోతుంది. పైగా 1080 పిక్సెళ్లను ఆరడుగులకు, అంటే 72 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 15 పిక్సెళ్లే మిగులుతాయి. రోడ్డు అవతలి నుంచి ఫర్వాలేదనిపించినా, దుకాణం మెట్ల దగ్గర నిలబడి చూస్తే చీర నేత గళ్లు గళ్లుగా చెదిరి కనిపిస్తుంది. ఫ్లెక్సీకి అంగుళానికి 72 పిక్సెళ్లు పెట్టుకుంటే వెడల్పు 5184, ఎత్తు 3456 అవుతాయి.

చాలామంది “రెండింటికీ” అంటారు. అలా అన్నప్పుడు పెద్దది ముందు చేయండి. చీర, పూలు, షాపు పేరు విడివిడి లేయర్లలో ఉంచుకుంటే వాటినే నిలువుగా సర్దుకోవచ్చు. చిన్నది ముందు చేస్తే పెద్దదానికి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. రెండు అమరికలకు రెండు పనుల ధర అని అప్పుడే చెప్పేయండి, తర్వాత చెప్తే గొడవ.

రెండోది చీర. మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. గద్వాల చీర అంటే ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నారాయణపేట చీరకు సన్నని గళ్లు, గుడి గోపురం లాంటి అంచు. పోచంపల్లిలో దారానికే ముందు ముడులు కట్టి రంగు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ అంచులు కొంచెం పాకినట్టు ఉంటాయి, గీత గీసినంత పదునుగా ఉండవు. నెట్‌లో దొరికిన ఏదో పట్టుచీర ఫోటో పెట్టి పైన “నారాయణపేట చీరలు” అని రాస్తే మీకు తేడా తెలియకపోవచ్చు. ఆ వీధిలో నడిచే ప్రతి మనిషికీ తెలుస్తుంది. అందుకే “ఈసారి ఏ చీర ముందు పెడదామన్నా? ఆ చీర ఫోటో పగటి వెలుగులో తీసి పంపండి” అని అడగాలి. ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే అది ఫోటోను కుదించేస్తుంది, ఫ్లెక్సీకి పనికిరాదు.

మూడోది ఆఫర్. తగ్గింపు ఉంటే దుకాణందారుడికి ఆ అంకె అన్నిటికన్నా పెద్దగా కనిపించాలి, చీర పక్కకు జరుగుతుంది. ఆఫర్ లేకపోతే చీరే మధ్యలో నిండుగా ఉంటుంది. ఇవి రెండూ వేర్వేరు డిజైన్లు. నిండుగా చీర పెట్టి పూర్తిచేశాక “ఇరవై శాతం తగ్గింపు కూడా పెట్టు” అంటే ఆ అంకెను మూలకు ఇరికిస్తారు, ఆయనకు నచ్చదు, మళ్లీ మొదలు.

మిగతావి మీరే తేల్చుకోవచ్చు. శైలి అడగక్కర్లేదు, అమ్మేది నిజమైన చీర కాబట్టి ఫోటోతోనే చేయాలి. మూడ్ కూడా ఆయన మాటలోనే ఉంది, దసరా అన్నాడు. ఇక్కడ మీ బుర్ర వాడండి: చీరల గిరాకీ ఎక్కువగా సద్దుల బతుకమ్మకు ముందే ఉంటుంది. అందుకని తంగేడు, గునుగు, బంతి పూల బతుకమ్మ పెడితే సరిగ్గా కుదురుతుంది. జమ్మి ఆకు, పాలపిట్ట దసరా రోజువి. ఆయనకు అవే కావాలంటే ఒక లేయర్ మార్చడమే కాబట్టి దీనికోసం ఆయన్ని ఆపొద్దు. ఫోన్ నంబరు, అడ్రసు కావాల్సినవే, కానీ వాటివల్ల అమరిక మారదు. కింద చోటు వదిలి పని మొదలుపెట్టండి.

ఇదంతా ఒకే మెసేజ్‌లో పంపాలి. ఒక్కొక్కటిగా అడిగితే ఆయన గిరాకీ మధ్యలో మూడుసార్లు ఫోన్ తీయాలి. ఇట్లా రాయండి:

“అన్నా, చేస్తాను. మూడు చెప్పండి చాలు. స్టేటస్‌కా, ఫ్లెక్సీకా, రెండింటికా? ఏ చీర ముందు పెట్టాలె? దాని ఫోటో పగటిపూట తీసి డాక్యుమెంట్‌గా పంపండి. ఆఫర్ ఏమన్నా ఉందా? మీరు వేరే చెప్పకపోతే తెలుగులో, బతుకమ్మ పూలతో చేస్తా. ఫోన్ నంబరు, అడ్రసు రాత్రిలోపు పంపితే సరిపోతది.”

ఇందులో “మీరు వేరే చెప్పకపోతే” అన్న వాక్యాన్ని ఎప్పుడూ వదలొద్దు. మీరు ఊహించుకున్నది ఆయనకు ముందే తెలుస్తుంది. నచ్చకపోతే అప్పుడే అంటాడు, నచ్చితే ఏమీ అనక్కర్లేదు. తర్వాత మార్పు అడిగినా మాట్లాడుకోవడానికి రాతలో ఆధారం ఉంటుంది.

కొందరికి మాటల్లో చెప్పడం రాదు. “రిచ్‌గా ఉండాలె” అంటారు, అంతకుమించి వివరించలేరు. వాళ్లను ఏ శైలి కావాలని తరచి అడగొద్దు, వాళ్లకు నచ్చిన ఫ్లెక్సీ ఎక్కడైనా ఉంటే ఫోటో తీసి పంపమనండి. అదీ లేకపోతే రెండు చిన్న ముసాయిదాలు నలుపు తెలుపులోనే గీసి పంపండి. ఒకదాంట్లో చీర పెద్దగా, ఇంకోదాంట్లో ఆఫర్ పెద్దగా, అంతే. రంగులు వేస్తే మాట రంగుల మీదికి పోతుంది, అమరిక గురించి ఎవరూ మాట్లాడరు. పూర్తయిన డిజైన్లు మూడు పంపడం ఇంకా నష్టం. “దీని పూలు, దాని అక్షరాలు, ఆ మూడోదాని రంగు” అని కలపమంటారు, నాలుగోది చేయాలి.

ఒక్క చోట మాత్రం ప్రశ్న ఎంత చిన్నదైనా వదలకూడదు. “మా నాయిన ఫోటో పెట్టి మంచిగ ఒకటి చేయన్నా” అని వస్తారు. అది పుట్టినరోజు కావచ్చు, కొత్త ఇంటి గృహప్రవేశం కావచ్చు, సంవత్సరీకం కావచ్చు. ముఖం చూసి, ఫోటో పాతదని చూసి ఊహించొద్దు. బతికున్న మనిషి ఫోటోకు దండ వేసిన ఫ్లెక్సీ ఆ ఇంటికి వెళ్తే ఎంత బాధో మీకు నేను చెప్పక్కర్లేదు. “నాయన ఉన్నారా?” అని కూడా అడగొద్దు. “ఏ కార్యక్రమానికన్నా? తారీఖు, పైన రాయాల్సిన మాట చెప్పండి” అంటే సరిపోతుంది. జవాబులోనే అంతా తెలిసిపోతుంది, ఎవరికీ నొప్పి కలగదు.

ఏ ప్రశ్న ముఖ్యమో మీ పనే మీకు చెబుతుంది. ఒక నోటు పుస్తకంలో ప్రతి ఆర్డర్‌కూ వచ్చిన మార్పులు రాసుకోండి. అక్షరదోషం, నంబరు తప్పు లాంటివి ఒక వైపు. సైజు మారింది, ఫోటో మారింది, సందర్భం వేరు లాంటివి ఇంకో వైపు. రెండో వైపు పదే పదే వచ్చే మార్పే మీరు ముందు అడగాల్సిన ప్రశ్న. పెళ్లి పత్రికలకు ఒక రకం, స్కూల్ అడ్మిషన్ పాంప్లెట్లకు ఇంకో రకం వస్తాయి, కాబట్టి అన్ని పనులకూ ఒకే ప్రశ్నల పట్టిక పనికిరాదు. ధర విషయంలో కూడా ఈ గీతే ఉంచుకోండి: మొదటి వైపు మార్పులకు డబ్బు వద్దు, రెండో వైపు మార్పులను కొత్త పనిగా లెక్కకట్టండి, ఆ సంగతి అడ్వాన్స్ తీసుకునేటప్పుడే చెప్పండి.

మీ చదువు సంగతి. బీకాం చేస్తున్నానని ఈ రంగంలో దారులు మూసుకుపోయాయనుకోకండి. డిజైన్‌లో పీజీ ప్రవేశాలకు ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్షను ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ల డిగ్రీ చేసినవాళ్లు ఏ గ్రూపు వాళ్లయినా రాయవచ్చు, ఆఖరి సంవత్సరంలో ఉన్నా రాయవచ్చు. ఎం.డెస్, అంటే ఆ డిజైన్ పీజీ కోర్సులో సీటుకు ఒక్కో సంస్థ పెట్టే అర్హతలు వేరుగా ఉంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు అవి చూసుకోండి. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో కూడా డిజైన్ విభాగం ఉంది.

అటు వెళ్లినా, హైదరాబాద్‌లో ఏ స్టూడియోలో ఉద్యోగానికి వెళ్లినా పోర్ట్‌ఫోలియో అడుగుతారు. అందులో ముప్పై ఫ్లెక్సీలు నింపకుండా నాలుగైదు పనులు పెట్టండి. ప్రతి పని పక్కన కస్టమర్ అన్న మాట యథాతథంగా, మీరు పంపిన మెసేజ్, మీరు ఊహించుకుని పెట్టినవి, చివరి బొమ్మ ఉండాలి. ఫోన్ నంబర్లు, పేర్లు చెరిపేయండి. ఇవాళ వచ్చే ఆర్డర్ నుంచే మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దాచడం మొదలుపెట్టండి, తర్వాత వెతికితే దొరకవు.